చీటీలు ఎక్కించే పని: తార్నాకలో నేర్చుకున్న కొన్ని పాఠాలు

తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా యూనివర్సిటీ గేటు దాకా ఉన్న రోడ్ల మీద మెస్సులు, జిరాక్స్ షాపులు, కిరాణా కొట్లు ఎన్ని చేతులు మారాయో నేను చూశాను. వాటిలో కొన్నింటికి చాలా ఏళ్లు లెక్కలు రాశాను. ఇప్పుడు కళ్లు సహకరించక మానేశాను గానీ, కొత్తగా మెస్ పెట్టిన కుర్రాళ్లు అప్పుడప్పుడు వచ్చి ఒకే ప్రశ్న అడుగుతారు: "సార్, చేతిరాత చీటీలన్నీ మనిషిని పెట్టి టైపు చేయించాలా, ఫోటో తీస్తే చదివేసే యాప్ కొనాలా?" అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పలేను. ఈ విషయంలో నేను తప్పుదారుల్లో తిరిగాకే అసలు దారి కనపడింది. ఆ దారి గురించే ఇక్కడ రాస్తున్నాను.

1. ఎక్కించే ముందు, ఆ లెక్క ఎవరు చూస్తారో అడగాలి.

యూనివర్సిటీ విద్యార్థులు తినే ఒక మెస్ పద్దులు చూసేవాణ్ణి. రోజూ తెల్లవారుజామున బోయినపల్లి మార్కెట్ యార్డు నుంచో, సికింద్రాబాద్ మోండా మార్కెట్ నుంచో కూరగాయలు వచ్చేవి. బేగంబజార్ నుంచి పప్పులు, నూనె వచ్చేవి. పాలు, గ్యాసు, ఐసు, ఆటో కిరాయి, హమాలీ వేరు. నెలకు మూడు వందల చీటీల దాకా పోగయ్యేవి. ఒక్కో చీటీలో సగటున ఎనిమిది వరుసలు. నేను ప్రతి వరుసా రిజిస్టరులో ఎక్కించేవాణ్ణి. పుదీనా రెండు కట్టలు, కరివేపాకు పది రూపాయలు, నిమ్మకాయలు ఇన్ని అంటూ ఒక్కటీ వదిలేవాణ్ణి కాదు. లెక్క అంటే పూర్తిగా ఉండాలన్న పంతం అది. ఆ పేజీలను ఒక్కరూ తిప్పి చూడలేదని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ మెస్ యజమానికి నిజంగా కావలసినవి మూడే సంగతులు. ఏ వ్యాపారికి ఎంత బాకీ ఉన్నాం, ఈ రోజు ఖర్చు ఎంత, బియ్యం, నూనె, ఉల్లిగడ్డ, గ్యాసు లాంటి నాలుగైదు పెద్ద సరుకులు నెలకు ఎంత పడుతున్నాయి. పన్ను కోసమా అంటే, హోటల్ భోజనం మీద వేసే 5 శాతం జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. కొన్న సరుకు మీద కట్టిన పన్ను తిరిగి రానప్పుడు కొత్తిమీర వరుస ఎక్కించినా, ఎక్కించకపోయినా పన్నులో తేడా రాదు. తేదీ, వ్యాపారి పేరు, మొత్తం మాత్రమే ఎక్కిస్తే చీటీకి నలభై సెకన్లు చాలు. మూడు వందల చీటీలకు మూడు గంటల ఇరవై నిమిషాలు. ఎనిమిది వరుసలూ ఎక్కిస్తే, వరుసకు పన్నెండు సెకన్ల చొప్పున కలిపి, పదకొండు గంటల ఇరవై నిమిషాలు. మనిషా యంత్రమా అన్న ప్రశ్న ఇంకా మొదలు కాకముందే ఎనిమిది గంటలు ఇక్కడే మిగులుతున్నాయి. ఆ మిగులును నేను ఏళ్ల తరబడి పారబోశాను.

2. ఎక్కడో అంకెల్లో ఉన్నదాన్ని మళ్లీ చేత్తో రాయకండి.

ఇది జిరాక్స్, స్టేషనరీ దుకాణాల వాళ్లకు ముఖ్యం. వాళ్లు కొనే కాగితం రీములు, టోనర్లు, బైండింగ్ సామాను మీద కట్టిన జీఎస్టీని, రెగ్యులర్ పద్ధతిలో రిజిస్టరై ఉంటే, క్రెడిట్‌గా తీసుకోవచ్చు. అమ్మినవాడు తన రిటర్నులో ఆ బిల్లు చూపిస్తే, అది నెలనెలా 14వ తేదీకి మన జీఎస్‌టీఆర్-2బి పట్టికలో తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. అందులో కనిపించని బిల్లు మీద క్రెడిట్ తీసుకోకూడదన్న నిబంధన 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అంటే ఆ బిల్లును మీరు ఎంత అందంగా టైపు చేసినా, యాప్ ఎంత చక్కగా చదివినా, 2బిలో లేకపోతే దానికి విలువ లేదు. పట్టికను ఎక్సెల్‌లోకి దించుకొని, బిల్లు నంబరు, తేదీ, పన్నుకు ముందరి విలువ, పన్ను చేతిలోని కాగితాలతో సరిపోయాయా లేదా టిక్కు పెట్టుకుంటూ పోవడమే అక్కడి పని. టిక్కు పడని బిల్లుల కోసం అమ్మినవాడికి ఫోన్ చేయాలి. ఆ ఫోన్ ఏ యాప్ కూడా చేయదు.

చేత్తో రాసిన బిల్లు మీద జీఎస్టీ నంబరు అనుమానంగా ఉంటే దాన్ని పట్టుకునే ఉపాయం ఆ నంబరులోనే ఉంది. పదిహేను స్థానాల్లో మొదటి రెండు రాష్ట్రం కోడ్, తెలంగాణకైతే 36. తర్వాతి పది పాన్ నంబరు. పాన్‌లో మొదటి అయిదూ అక్షరాలు, తర్వాతి నాలుగూ అంకెలు, చివరిది అక్షరం. కాబట్టి అక్షరం ఉండాల్సిన చోట సున్నా కనిపిస్తే అది ఇంగ్లీషు ఓ అక్షరం అన్నమాట. అంకె ఉండాల్సిన చోట ఎస్ కనిపిస్తే అది అయిదు. పదిహేనో స్థానం ముందున్న పద్నాలుగింటి నుంచి లెక్కగట్టి పెట్టినది. ఎక్కడైనా ఒకటి తప్పు పడితే ఆ చివరిది పొసగదు.

మెస్ లాంటి వాటికి 2బి పెద్దగా పనికిరాదు, కూరగాయల వ్యాపారి అందులోకి రాడు కనుక. అయితే యూపీఐలో కట్టిన ప్రతి రూపాయీ తేదీతో, పేరుతో బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటుంది. దాన్ని దించుకుంటే చెల్లింపుల వైపు సగం పద్దు టైపు చేయకుండానే పూర్తవుతుంది.

3. యంత్రం ఎంత త్వరగా చదివిందో చూడకండి, మీరు ఎంతసేపు సరిచూశారో చూడండి.

యాప్ అమ్మడానికి వచ్చినవాళ్లు బిల్లును ఫోటో తీసి, మూడు సెకన్లలో పట్టిక చూపిస్తారు. ఒకసారి నేనూ ఆ పట్టిక చూసి ముచ్చటపడి, యజమాని చేత ఏడాది చందా కట్టించాను. వాళ్లు చూపించింది అచ్చు బిల్లు. మా దగ్గరున్నవి కార్బన్ పేపరు కింద పడిన నీలిరంగు నీడలు. నూనె మరకలు, తడికి పాకిన సిరా వాటికి అదనం.

వాళ్లు చెప్పిన 99 శాతం కచ్చితత్వం అబద్ధం కాదు. అయితే అది ఒక్కొక్క అక్షరానికి వేసిన లెక్క. ఎనిమిది వరుసల చీటీలో తూకం, ధర, మొత్తం కలిపి తక్కువలో తక్కువ నలభై అంకెలుంటాయి. ప్రతి అంకే నూటికి తొంభైతొమ్మిది సార్లు సరిగ్గా వస్తే, నలభైకి నలభై సరిగ్గా వచ్చే చీటీలు నూటికి అరవై ఏడు. మిగతా ముప్పై మూడింటిలో ఎక్కడో ఒకచోట తప్పు ఉంటుంది. చేతిరాతకు కచ్చితత్వం 97కు పడిపోతే, మచ్చలేని చీటీలు నూటికి ముప్పైకి దిగుతాయి. తప్పున్న చీటీ ఏదో ముందుగా తెలియదు కనుక అన్నింటినీ చూడాల్సిందే.

ఆ మూడు వందల చీటీలకే, ఎనిమిది వరుసలూ కావాలనుకుని లెక్క వేద్దాం. గంటకు వంద రూపాయలు ఇచ్చే కుర్రవాడు చీటీకి 136 సెకన్లు తీసుకుంటాడు. నెలకు 1,133 రూపాయలు. యాప్‌తో అయితే ఫోటోకు 15 సెకన్లు, కాగితం పక్కన పెట్టుకుని సరిచూడటానికి 50, సగం చీటీల్లో దిద్దుబాట్లకు ఒక్కోదానికి నిమిషంన్నర, అంటే సగటున 45. మొత్తం 110 సెకన్లు. చీటీకి 26 సెకన్ల పొదుపు, డబ్బుల్లో చూస్తే డెబ్బై రెండు పైసలు. చందా నెలకు వెయ్యి రూపాయలైతే, అది తిరిగి రావడానికి నెలకు దాదాపు 1,400 చేతిరాత చీటీలు ఉండాలి. మాకున్నవి మూడు వందలు.

అదే అచ్చు బిల్లులైతే ఫోటోకు అంతే సమయం, సరిచూడటానికి 20 సెకన్లు, దిద్దుబాట్లకు సగటున ఆరు. మొత్తం 41. బిల్లుకు 95 సెకన్లు మిగులుతాయి, అంటే రెండు రూపాయల అరవై నాలుగు పైసలు. 380 బిల్లులు దాటితే చందా గిట్టుతుంది. యాప్ ఒకటే, చందా ఒకటే. కాగితం మారితే తీర్పు మారిపోతోంది. ఇక తేదీ, పేరు, మొత్తం చాలనుకుంటే మనిషికి పట్టేదే నలభై సెకన్లు. ఫోటో తీసి, సరిచూసేసరికి అందులో చాలా భాగం ఖర్చయిపోతుంది.

ఈ సెకన్లు నావి. మీ చీటీలు, మీ కుర్రవాడి వేగం వేరుగా ఉంటాయి. చందా కట్టే ముందు ఒక వారం చీటీలు తీసుకుని, గడియారం పెట్టుకుని రెండు విధాలా చేయించి చూడండి. నేను ఏడాది చందా కట్టించాక గానీ గడియారం చూసుకోలేదు.

4. మనిషి తప్పుకో ఆనవాలుంది, యంత్రం తప్పుకో ఆనవాలుంది.

మనిషి అలసినప్పుడు అంకెలను అటూ ఇటూ చేస్తాడు. 4,150 రాయబోయి 4,510 రాస్తాడు. రెండింటి తేడా 360. దాన్ని 9తో భాగిస్తే శేషం రాదు. పక్కపక్క అంకెలు తారుమారైతే ఎప్పుడైనా సరే తేడా తొమ్మిదితో భాగించబడుతుంది. సున్నా ఒకటి ఎక్కువ పడి 540 కాస్తా 5,400 అయినా అంతే. అందుకే పాత గుమాస్తాలు పద్దు కుదరకపోతే మొదట తేడాను తొమ్మిదితో భాగించి చూసేవారు. శేషం రాకపోతే తారుమారు కోసం, వస్తే వదిలేసిన చీటీ కోసం వెతికేవారు. ప్రతిసారీ పనిచేస్తుందని కాదు, వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది. ఆ వెతుకులాటకు ముందు పద్దు కుదరలేదని తెలియాలి కదా. ఎక్కించక ముందే రోజు చీటీల మొత్తాలన్నీ క్యాలిక్యులేటరు మీద కూడి, ఆ ఒక్క అంకెను పైన క్లిప్పు పెట్టిన కాగితం మీద రాసుకుంటే, సాయంత్రం కంప్యూటరు చూపే మొత్తంతో పోల్చుకోవచ్చు.

యంత్రం అలసిపోదు, అంకెలను తారుమారు చేయదు. మన వ్యాపారుల రాత అలవాట్ల దగ్గర తప్పటడుగు వేస్తుంది. 64/- అని రాస్తే 641 అని చదువుతుంది, ఆ గీతను ఒకటనుకుని. 250=00 అని రాస్తే పాయింటు కనిపించక 25,000 అంటుంది. పై వరుసలో ఉన్నదే మళ్లీ అని పెట్టే డిట్టో చుక్కలు దానికి పదకొండు. 05/08 అన్న తేదీని అమెరికా పద్ధతిలో తీసుకుని మే 8లో పడేస్తుంది. నెల పన్నెండు దాటని తేదీలన్నింటికీ ఈ ప్రమాదం ఉంది, పదమూడు నుంచి అనుమానమే రాదు. అందుకే నెలాఖరు చీటీలు సవ్యంగా ఉండి, నెల మొదటివి మాత్రం ఎక్కడెక్కడో చెదిరి కనిపిస్తే తేదీ సెట్టింగు చూడాలి. బేగంబజార్ వైపు కొందరు పాతవాళ్లు హిందీ అంకెలు రాస్తారు. హిందీ ఒకటి మన తొమ్మిదిలా కనిపిస్తుంది. ఉర్దూ అయిదు సున్నాను పోలి ఉంటుంది. ఇలాంటి వాటిని పట్టడానికి ఎక్సెల్‌లో ఒక్క గడి చాలు. తూకాన్ని ధరతో గుణిస్తే ఆ వరుస మొత్తం రావాలి, వరుసలన్నీ కూడితే చీటీ మొత్తం రావాలి. రాని వరుసను ఎర్రరంగులో చూపించమని పెట్టుకుంటే, కంటికి పని సగం తగ్గుతుంది.

ఈ తేడా ముందే తెలిసి ఉంటే ఒక కుర్రవాడి విషయంలో నేను అలా చేసేవాణ్ణి కాదు. యూనివర్సిటీలో ఎమ్మే చదువుతూ సాయంత్రాలు వచ్చి చీటీలు ఎక్కించేవాడు. ఒక వ్యాపారి ఖాతాలో వేలల్లో తేడా వచ్చింది. అజాగ్రత్త అని నలుగురిలో అన్నాను. మరునాటి నుంచి రాలేదు. తర్వాత తీరిగ్గా చూస్తే ఆ తేడాలన్నీ 641లు, 851లు. అవి యాప్ ఎక్కించిన రోజులవి. కుర్రవాడు చేత్తో ఎక్కించిన రోజుల్లో మొత్తాలు కుదిరే ఉన్నాయి. ఎవరు ఎక్కించారో ప్రతి వరుస పక్కనా ఒక అక్షరం రాయించి ఉంటే అయిదు నిమిషాల్లో తేలిపోయేది. అతని కోసం వాకబు చేశాను గానీ అప్పటికి హాస్టల్ ఖాళీ చేశాడు.

5. చీటీలో ఉన్నదే ఎక్కాలి, ఉండాల్సింది కాదు.

ఈ మధ్య వస్తున్న యాప్‌లు అక్షరాలను చదవడంతో ఆగవు, అర్థాన్ని ఊహిస్తాయి. అస్పష్టంగా ఉన్న చోట పొసిగే అంకె వేస్తాయి. మార్కెట్లో వ్యాపారి తొందరలో తప్పు కూడటం మామూలే. వరుసలు కూడితే 1,340 రావాల్సింది, 1,430 అని రాసి, అంతే తీసుకుంటాడు. యాప్ దాన్ని 1,340గా చూపిస్తే పట్టిక చక్కగా కుదురుతుంది, ఎర్రగడి ఒక్కటీ రాదు. పోయిన తొంభై రూపాయలు మాత్రం ఎవరి కంటా పడవు. అందుకే మొత్తాన్ని మాత్రం యాప్‌కు వదలకండి. ఆ ఒక్క అంకెను మనిషి కాగితం చూసి కొట్టాలి.

6. తెలుగు చేతిరాత ఇంకా యంత్రానికి పూర్తిగా లొంగలేదు.

తెలుగు అచ్చును కంప్యూటరు చేత చదివించే ప్రయత్నం మన నగరంలో పాతదే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు 2001 నాటికే దాని మీద పత్రం వెలువరించారు. చేతిరాత విషయంలో గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ వాళ్లు లక్షకు పైగా తెలుగు చేతిరాత పదాల బొమ్మలు సేకరించి, యంత్రాలకు నేర్పడానికి అందరికీ అందుబాటులో పెట్టారు. అది గొప్ప పని. కానీ అలాంటి పదాలు శుభ్రమైన కాగితం మీద తీరిగ్గా రాయించినవి. తెల్లవారుజామున లారీ పక్కన నిలబడి, తొడ మీద పుస్తకం పెట్టుకుని "ఆలు 2 బ, ఉ.గ 1 బ" అని రాసిన చీటీని చదవడం వేరే విద్య. ఉ.గ అంటే ఉల్లిగడ్డ అని మెస్ వంటమాస్టరుకు తెలుసు. యాప్‌కు ఎవరు చెబుతారు?

మనిషి పక్షాన ఇంత చెప్పాను కనుక మనిషితో ఉన్న చిక్కూ చెప్పాలి. ఇక్కడ ఆ పనికి దొరికేది విద్యార్థులే. సెమిస్టరు పరీక్షలు రాగానే రారు, రావద్దని మనమే చెప్పాలి కూడా. ఆ మూడు వారాల చీటీలు అట్టపెట్టెలో పేరుకుంటాయి. నెల దాటిన చీటీని ఎక్కించడం కొత్త చీటీకి రెట్టింపు పని, ఎందుకంటే అనుమానం వస్తే అడగడానికి వ్యాపారికీ గుర్తుండదు, వంటమాస్టరుకూ గుర్తుండదు. అలాంటి నెలల్లో తేదీ, పేరు, మొత్తం మాత్రం ఏ రోజుకారోజు యజమానే ఎక్కించుకోవాలి.

7. చదవడం కష్టమైతే, రాసే కాగితాన్ని మార్చండి.

ఇది నాకు అన్నింటికన్నా చివర తట్టింది. మెస్‌కు రోజూ వచ్చే సరుకులు నలభై లోపే. ఆ పేర్లు ఎ4 సగం కాగితం మీద వరుసగా అచ్చు వేయించి, పక్కన తూకానికి, ధరకు, మొత్తానికి మూడు గడులు పెట్టించాం. కాగితం మన మనిషే మార్కెట్టుకు తీసుకెళ్లి, వ్యాపారి చెబుతుంటే గడుల్లో అంకెలు వేస్తాడు, కింద వ్యాపారి సంతకం పెడతాడు. యాభై కాగితాల పుస్తకం, నకలుతో సహా, తార్నాకలోనే చవగ్గా కుడతారు. పేర్లు చదవాల్సిన పని పోయింది, డిట్టోలు పోయాయి, వరుస ఎప్పుడూ ఒకేలా ఉంది కనుక టైపు చేసేవాడు కిందికి చూసుకుంటూ అంకెలు కొట్టుకుంటూ పోతాడు. వరుసకు పన్నెండు సెకన్లు కాస్తా అయిదారుకు దిగాయి. యాప్ కొన్నా దీనివల్ల దానికీ పని తేలికవుతుంది, అంకె ఎక్కడుంటుందో ముందే తెలుసు కనుక. కొందరు వ్యాపారులు మొదట సంతకానికి ఒప్పుకోలేదు. బాకీ గొడవలు తగ్గాక వాళ్లే ఆ కాగితం అడిగారు.

అసలు చీటీలను మాత్రం పారేయకండి. రిజిస్టరైన వ్యాపారం తన లెక్కలు, బిల్లులు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. థర్మల్ కాగితం మీది అచ్చు అంతకాలం నిలవదు, వచ్చిన రోజే ఫోటో తీసి, తేదీ పేరుతో ఫోల్డరులో వేయాలి. ఉచిత యాప్‌లలోకి ఎక్కించే ముందు బిల్లు మీద ఎవరి ఫోన్ నంబరైనా, ఖాతా నంబరైనా ఉందేమో చూసుకోండి.

వారం కిందట ఒక కుర్రాడు తన దుకాణం బిల్లులు సంచిలో తెచ్చాడు. వాటిని మూడు కుప్పలు చేయమన్నాను. 2బిలో వచ్చేవి ఒకటి, అచ్చువి ఒకటి, చేతిరాతవి ఒకటి. మొదటి కుప్పే పెద్దదిగా తేలింది. చేతిరాతవి రెండు డజన్లు కూడా లేవు. యాప్ సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.